హద్దు దాటని ఫోనుకు విదేశీ రుసుము – ఒక ఫిర్యాదు లేఖ

రామేశ్వర యాత్రకు వెళ్ళిన తెలుగువారు సాధారణంగా ధనుష్కోడిని కూడా దర్శించి వస్తారు. అక్కడ మన భూభాగం అరిచల్‌మునై అనే ఇసుక కొనతో ముగుస్తుంది. సముద్రానికి ఆవలి ఒడ్డున శ్రీలంకలోని తలైమన్నారు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. జి.ఎస్.ఎం. పద్ధతిలో ఒక టవరు సేవ సాధారణంగా 35 కిలోమీటర్ల వరకు అందగలదు. నడుమ కొండలుగాని, కట్టడాలుగాని లేని సముద్రతలం మీద సంకేతాలు అడ్డులేక పయనిస్తాయి. అందుచేత ఆ తీరాన నిలిచినవారి ఫోనుకు స్వదేశీ సంకేతం క్షీణించినప్పుడు, అది ఆవలి దేశపు నెట్‌వర్క్‌లో చేరే అవకాశం ఉన్నది. చందాదారుని సంఖ్యకు అంతర్జాతీయ రోమింగ్ అమలులో ఉంటేనే ఇది సాధ్యమవుతుంది. భారత, శ్రీలంక కాలమానాలు 2006 నుండి ఒకటే కనుక గడియారం మారదు. తెరపై నెట్‌వర్క్ పేరు మారడమో, స్వాగత సందేశం రావడమో సూచన కావచ్చు.

ఇట్టి సందర్భంలో రుసుము పడితే ఏమి వ్రాయాలి? ‘నేను ఆ దేశానికి వెళ్ళలేదు’ అన్నమాట ఒక్కటే చాలదు. ఫోను ఆ నెట్‌వర్క్‌లో నమోదైన మాట నిజమేనని సంస్థ చెప్పగలదు. కావున నమోదును కాదనక, అది ప్రయాణం వలన కలిగినది కాదని నిరూపించాలి. అందుకు తగిన ఆధారం తరచుగా ఆ బిల్లులోనే దొరుకుతుంది. కింది ఊహా లేఖను పరిశీలించండి.

రాజమహేంద్రవరం,
తేది: 14-02-2024.

వినియోగదారుల సేవాధికారి గారికి,

విషయం: శ్రీలంక నెట్‌వర్క్ పేర విధించిన రోమింగ్ రుసుము రద్దు గురించి.

అయ్యా,

నేను తమ సంస్థకు పోస్ట్‌పెయిడ్ చందాదారుడను. ఈ నెల బిల్లు 4,850 రూపాయలు వచ్చినది. అందులో నా నెలసరి రుసుము 590 రూపాయలు కాగా, మిగిలిన 4,260 రూపాయలు జనవరి 21వ తేదీన శ్రీలంకలో డేటా వాడినట్లు చూపి విధించినవి.

ఆనాడు నేను ధనుష్కోడిలో ఉన్నాను. తమ వివరపట్టికలోనే ఉదయం 10.52కు నేను చేసిన కాల్ భారత నెట్‌వర్క్ ద్వారా నమోదైనది. 11.08 నుండి 11.46 వరకు డేటా శ్రీలంక నెట్‌వర్క్ ద్వారా నమోదైనది. 11.58కి చేసిన కాల్ మరల భారత నెట్‌వర్క్ ద్వారానే నమోదైనది. గంటకు మించిన ఆరు నిమిషాల వ్యవధిలో ఒక మనిషి సముద్రం దాటి పోయి, తిరిగి రావడం సాధ్యం కాదని మనవి. నా పాస్‌పోర్టులో శ్రీలంక ప్రవేశ ముద్ర లేదు.

2023లో సింగపూరు ప్రయాణం నిమిత్తం కోరిన రోమింగ్ సేవ నా సంఖ్యకు నేటికీ అమలులో ఉన్నది. దానిని వెంటనే నిలుపుదల చేయవలసినదిగా కోరుచున్నాను. వివాదంలో లేని 590 రూపాయలను చెల్లించుచున్నాను. మిగిలిన 4,260 రూపాయలను రద్దుచేసి, విచారణ ముగియువరకు సేవను నిలిపివేయకుండ చూడగలరని, ఫిర్యాదు సంఖ్యను తెలియజేయగలరని ప్రార్థన.

జతపరచినవి: బిల్లు, వివరపట్టిక, పాస్‌పోర్టు పుటల నకలు.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)

ఈ లేఖలో నిందావాక్యం ఒక్కటియు లేదు. సంస్థ మోసగించినదని లేఖకుడు అనలేదు. రోమింగ్ అమలులో ఉన్నదన్న తనకు ప్రతికూలమైన అంశాన్ని కూడా దాచలేదు. దానిని సంస్థయే ముందుగా ఎత్తిచూపితే, మిగిలిన మాటల విలువ తగ్గిపోయేది. 10.52, 11.58 అను రెండు కాలాలు లేఖకు ప్రాణం. అవి సంస్థ స్వంత లెక్కలు కనుక వాటిని కాదనడం సులభం కాదు. వివాదం లేని మొత్తాన్ని వేరుచేసి చెల్లించడం వలన, బాకీదారుడనే మాటకు అవకాశం తగ్గినది.

ఫిర్యాదు సంఖ్యను కోరుటకు కారణం ఉన్నది. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు మొదట సంస్థ ఫిర్యాదుల కేంద్రానికి చేరాలి. అక్కడి పరిష్కారం తృప్తినియ్యకపోతే, ఆ సంఖ్యను పేర్కొని అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చు. ట్రాయ్ స్వయంగా వ్యక్తుల తగవులను తీర్చదు. అప్పీలు ఫలించకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి తీర్పు స్పష్టం చేసినది.

ఫోనులో డేటా రోమింగ్‌ను మాత్రమే ఆపితే కాల్‌లకు, సందేశాలకు రుసుము పడే అవకాశం మిగిలే ఉంటుంది. సంస్థచేత అంతర్జాతీయ రోమింగ్‌నే ఆపివేయించడం పూర్తి నివారణ.

ప్రశ్నలు

1. ధనుష్కోడి తీరాన ఫోను విదేశీ నెట్‌వర్క్‌లో చేరడానికి గల కారణాలను వివరించండి.
2. లేఖకుడు తన వాదానికి బిల్లునే ఆధారంగా ఎట్లా చేసికొన్నాడు?
3. ఈ ఫిర్యాదు తిరస్కరింపబడినదనుకొని, అప్పీలు అధికారికి లేఖ వ్రాయండి.