పాల సేకరణ కేంద్రాలలో ఎస్.ఎన్.ఎఫ్. లెక్కింపు: ఉష్ణోగ్రత సవరణ ప్రభావం

గేదె పాలకు చాలా కేంద్రాలలో కిలో వెన్న ధర ఆధారంగా చెల్లింపు జరుగుతుంది. వెన్నేతర ఘనపదార్థాలు, అనగా ఎస్.ఎన్.ఎఫ్., నిర్ణీత ప్రమాణానికి తగ్గినచో ఆ మొత్తంలో కోత విధిస్తారు. గేదె పాలకు ఈ ప్రమాణం సాధారణంగా 9.0 శాతం. వెన్న శాతాన్ని పరీక్షతో నేరుగా కొలుస్తారు. లాక్టోమీటరు వాడే కేంద్రాలలో ఎస్.ఎన్.ఎఫ్.ను మాత్రం లెక్కకట్టి రాబడతారు. రైతు ఆదాయంలో పొరపాటుకు ఎక్కువ అవకాశం ఇక్కడే ఉన్నది.

27 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రమాణీకరించిన లాక్టోమీటరుకు వాడే సూత్రాలలో ఒకటి ఇది:

SNF = 0.25 × CLR + 0.22 × F + 0.72

ఇందులో F వెన్న శాతం. CLR ఉష్ణోగ్రతకు సవరించిన రీడింగు. పాలు వెచ్చగా ఉన్నప్పుడు సాంద్రత తగ్గి, లాక్టోమీటరు లోతుగా మునిగి తక్కువ అంకె చూపుతుంది. అందుచేత 27 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.2 కలపాలి, దిగువన అంతే తీసివేయాలి.

ఒక రైతు ఉదయం 5 లీటర్ల పాలు పోశాడనుకుందాం. వెన్న 6.0 శాతం, ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, రీడింగు 27. ఐదు డిగ్రీలకు 1.0 కలిపితే CLR 28 అవుతుంది, ఎస్.ఎన్.ఎఫ్. 9.04, కోత ఉండదు. సవరణ చేయకుండా 27నే తీసుకుంటే 8.79 వస్తుంది. పాలలో లోపమేమీ లేకపోయినా అవి ప్రమాణానికి దిగువన పడిపోతాయి. ప్రతి 0.1 లోటుకు లీటరుకు 30 పైసల కోత అనుకొని, 8.79ని 8.8గా తీసుకుంటే పూటకు 3 రూపాయలు, రెండు పూటలా పోస్తే పదిహేను రోజుల బిల్లులో 90 రూపాయలు తగ్గుతాయి.

అప్పుడే పితికిన పాలలో మరొక చిక్కు ఉన్నది. వాటిలో గాలి బుడగలుంటాయి, కొవ్వు ఇంకా ద్రవరూపంలోనే ఉంటుంది. కనుక సాంద్రత కొంత తక్కువగా కనిపించి, గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఉష్ణోగ్రత సవరణ దీనిని పూర్తిగా సరిచేయలేదు. నురగ తగ్గనిచ్చి, పాలను నెమ్మదిగా కలిపి నమూనా తీయడం అందుకే అవసరం.

తక్కువ రీడింగు వచ్చిన ప్రతిసారీ నీటిని అనుమానించడం న్యాయం కాదు. నీరు కలిస్తే వెన్న, CLR రెండూ తగ్గుతాయి. మీగడ తీస్తే వెన్న తగ్గి CLR పెరుగుతుంది. మీగడ తీసి నీరు కూడా కలిపితే CLR మామూలుగానే కనిపించవచ్చు. దానిని లాక్టోమీటరు ఒక్కటే పట్టుకోలేదు.

సవరణ జరిగిందో లేదో రైతు చీటీ నుండే తేల్చవచ్చు. ఎస్.ఎన్.ఎఫ్. నుండి 0.22 × F, 0.72 తీసివేసి, మిగిలినదానిని నాలుగుతో గుణించాలి. పై ఉదాహరణలో 8.79 నుండి 1.32, 0.72 తీసివేస్తే 6.75, నాలుగుతో గుణిస్తే 27. గాజు గొట్టంలో చూసిన అంకె కూడా 27 అయి, ఉష్ణోగ్రత 32 ఉన్నచో, ఆ కేంద్రంలో సవరణ జరగలేదు. కేంద్రం వేరొక సూత్రం వాడుతుంటే అదే సూత్రంతో వెనక్కి లెక్కించాలి.