ఆగిన పార్సిల్, అడిగిన పాతిక రూపాయలు

మీ పార్సిల్ గిడ్డంగికి చేరింది, అడ్రసు సరిగా లేక రెండుసార్లు వచ్చినా ఇవ్వలేకపోయాం, 48 గంటల్లో సరిచేయకపోతే వెనక్కి పంపేస్తాం అంటూ తపాలా శాఖ పేరుతో ఒక మెసేజ్ తిరుగుతోంది. కింద ఒక లింకు ఉంటుంది. అది నొక్కితే తపాలా శాఖ సైటును పోలిన పేజీ తెరుచుకుని, మళ్లీ తెచ్చివ్వడానికి పాతికో పరకో కార్డుతో కట్టమంటుంది. ఇది బూటకమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం ఇదివరకే ప్రకటించింది. అయినా జనం కడుతూనే ఉన్నారు. ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఆర్డరు పెట్టని ఇల్లు ఇప్పుడు తక్కువే కదా!

అనుమానించాల్సింది ముందుగా ఆ చిన్న మొత్తాన్నే. పాతిక రూపాయలకు ఎవరూ పెద్దగా ఆలోచించరు. మోసగాడికి కావాల్సిందీ ఆ పాతిక కాదు, కార్డు నంబరు, గడువు తేదీ, వెనకనున్న మూడంకెల సీవీవీ, ఆపైన ఓటీపీ. మీరు పేజీలో వివరాలు నింపుతుండగానే అవతలివాడు అదే కార్డుతో ఇంకెక్కడో వేల రూపాయల కొనుగోలు మొదలుపెడతాడు. మీకు వచ్చే ఓటీపీ ఆ కొనుగోలుది. బ్యాంకు పంపే ఓటీపీ మెసేజ్‌లో మొత్తం, దుకాణం పేరు సాధారణంగా ఉంటాయి. మనమేమో ఆరంకెలు మాత్రం చూసి కొట్టేస్తాం.

లింకులోని అడ్రసు చదవడం మరో ఉపాయం. తపాలా శాఖ సైటు indiapost.gov.in. నకిలీ లింకులో కూడా indiapost అనే మాట కనిపించవచ్చు. https:// తర్వాత వచ్చే మొదటి ‘/’ గీతకు సరిగ్గా ముందున్న ముక్క చూడండి. అక్కడ gov.in కాకుండా .top లాంటిది ఉంటే ఆ సైటు ప్రభుత్వానిది కాదు. కొన్ని మెసేజ్‌లు ముందు ‘Y’ అని జవాబివ్వండి, తర్వాత మెసేజ్ మళ్లీ తెరవండి అంటాయి. తెలియని వారు పంపిన లింకును ఐఫోన్ పనిచేయనివ్వదు. మీరు జవాబిస్తే ఆ అడ్డు తొలగిపోతుంది, అందుకే ఆ కోరిక.

నిజంగా పార్సిల్ రావాల్సి ఉంటే? స్పీడ్ పోస్టుకు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర IN ఉండే నంబరు రసీదు మీద ఉంటుంది. మెసేజ్‌లోది కాదు, మీ దగ్గరున్న నంబరును మీరే సైటులో కొట్టి చూడండి. విదేశీ పార్సిల్‌కు కస్టమ్స్ సుంకం పడే మాట నిజమే, కానీ తపాలాలో వచ్చే వస్తువుకు దాన్ని సాధారణంగా అందజేసేటప్పుడు వసూలు చేస్తారు.

డబ్బు పోయాక చట్టం ఎటు నిలబడుతుందన్నది చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తన వివరాలు తానే ఇచ్చిన నిర్లక్ష్యం వల్ల నష్టపోతే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం అతనిదే. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. ఒక లెక్క చూద్దాం. ఉదయం 11.10కి రూ.40,000 పోయింది. 11.25కి మీరు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపమన్నారు. 11.50కి మరో రూ.18,000 పోయింది. మొదటిదానికి బ్యాంకు మీ నిర్లక్ష్యాన్ని చూపవచ్చు. రెండోది మాత్రం బ్యాంకే భరించాలి. బాధ్యత ఖాతాదారుదేనని నిరూపించాల్సిన భారం కూడా ఆ సర్క్యులర్ బ్యాంకు మీదే పెట్టింది. ‘ఓటీపీ మీరే ఇచ్చారు, మాకు సంబంధం లేదు’ అని కౌంటర్‌లో ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకుని వచ్చేయకండి. ఆ జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.

అందుకే ఫోన్ చేసిన నిమిషానికి విలువ ఎక్కువ. ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి, అదే విషయం ఈమెయిల్‌లోనూ పంపండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే దాన్ని నిలిపేయించే అవకాశం అప్పుడే ఎక్కువ. cybercrime.gov.inలో రాతపూర్వక ఫిర్యాదు పెట్టండి. మెసేజ్‌ను చెరిపేయకండి, లింకు, పంపిన నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఇలా మరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66డి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మా ఠాణా పరిధి కాదని పోలీసులు తిప్పి పంపడానికీ వీల్లేదు. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో పనిలేకుండా సమాచారం తీసుకోవాలని బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ చెబుతోంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.inలో ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఆ రోజు రాసుకున్న సమయం, ఫిర్యాదు నంబరు అక్కడ జతచేయండి.