కరివేపాకు కుండీని లోపలికి తెచ్చే ముందు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. డెక్ మీద మూడడుగుల కరివేపాకు మొక్క ఉంది. నిరుడు అక్టోబరు చివర్లో లోపల పెట్టి, రోజూ నీళ్ళు పోశాను. నెల తిరక్కుండా ఆకులు పసుపెక్కి రాలాయి, కొమ్మలకి జిగురు పట్టింది. వేసవిలో మళ్ళీ చిగిర్చింది. ఈసారైనా కాపాడుకోవడం ఎలాగండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ జిగురు పొలుసు పురుగుది అయివుంటుందమ్మా. కొమ్మ మీద గోధుమరంగు బొడిపెల్లా అతుక్కుని, కదలకుండా రసం పీలుస్తుంది. బెరడులో భాగమే అనుకుని వదిలేస్తాం. అనుమానం వస్తే గోటితో గీకండి. పురుగైతే ఊడి వస్తుంది, బతికున్నదైతే లోపల తడిగా ఉంటుంది. కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే తప్పకుండా వెతకండి, అవి ఆ జిగురు కోసమే వస్తాయి.

రాత్రి చలి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగకముందే మొక్క లోపల ఉండాలి. అంతకు రెండు వారాల ముందే పని మొదలుపెట్టండి. ముందు కత్తిరింపు: గింజల గుత్తులు, ఎండుపుల్లలు, బలహీనమైన రెమ్మలు తీసేయండి. మొత్తం మీద మూడో వంతుకి మించొద్దు. ఇప్పుడు మొదలంటా కొడితే చిగుళ్ళు వెలుతురు చాలక సన్నగా సాగుతాయి. గట్టి కత్తిరింపు మార్చికి ఉంచండి.

తర్వాత పైపుతో ఆకుల అడుగువైపు, రెమ్మ కాండంతో కలిసే మూలలు కడగండి. పిండినల్లి దాక్కునేది అక్కడే. మిగిలిన బొడిపెల్ని రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, పురుగుల సబ్బు ద్రావణం కొట్టండి. సబ్బుకి గుడ్లు చావవు, అందుకే వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాలి. వంటకి వాడే ఆకు కాబట్టి తినే మొక్కలకి పనికొస్తుందని సీసా మీద రాసిందే కొనండి, కోశాక బాగా కడగండి. లోపలికి తెచ్చాక రెండు మూడు వారాలు మిగతా మొక్కలకి దూరంగా పెట్టండి.

ఇక నీళ్ళు. దక్షిణపు కిటికీ దగ్గర పెట్టినా డెక్ మీద ఉన్నంత ఎండ రాదు. వెలుతురు తగ్గితే మొక్క తాగే నీరూ తగ్గుతుంది, మట్టి తడిగానే ఉండిపోయి వేళ్ళు కుళ్ళుతాయి. తడిమట్టిలో ఆకులు పసుపెక్కితే నీళ్ళెక్కువైనట్టే. వేలు రెండంగుళాలు దింపి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. అది పది రోజులకోసారి కావచ్చు, ఇంకా ఆలస్యం కావచ్చు. పళ్ళెంలోకి దిగిన నీళ్ళు పారబోయండి. ఎరువు మార్చి దాకా వద్దు.

ప్రశ్న: ఇంత చేసినా ఆకులు రాలితే మొక్క పోయినట్టేనా?

జవాబు: కాదు. స్థలం మారితే కొన్ని ఆకులు రాలుతాయి. బెరడు కొంచెం గీరండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఆకులు లేని మొక్కకి నీళ్ళు మరీ తక్కువ చాలు. జాలిపడి ఎక్కువ పోస్తేనే ప్రమాదం.