టీలో చక్కెర లెక్క

రోజుకు ఎన్నిసార్లు టీ తాగుతారు? కప్పుకు ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటారు? ఈ రెండు అంకెలు తెలిస్తే మిగతా లెక్క మనమే కట్టుకోవచ్చు. (చక్కెర అన్నా, పంచదార అన్నా ఒకటే.)

ముందు చెంచా సంగతి చూద్దాం. టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు పట్టే చెంచా. పిల్లల మందు సీసాతో వచ్చే కొలత మూతకు చాలావరకు 5 దగ్గర గీత ఉంటుంది. ఆ గీత వరకు నీళ్లు పోసి మీ చెంచాలో వంచండి. సరిగ్గా నిండితే అది టీ చెంచా. పొర్లితే మీ చెంచా చిన్నది. ఇంకా ఖాళీ ఉంటే పెద్దది.

ఆ చెంచాతో చక్కెర తీసి, పైన వేలితో చదునుగా గీయండి. ఇప్పుడు అందులో ఉన్నది సుమారు 4 గ్రాములు. అదంతా పిండిపదార్థమే, చక్కెరలో వేరే ఏమీ ఉండదు. బియ్యానికి కిలో, పాలకు లీటరు ఎలాగో, తిండి ఇచ్చే శక్తికి కేలరీ అలాగ. ఒక గ్రాము చక్కెర 4 కేలరీలు ఇస్తుంది. అంటే చెంచాకు 16 కేలరీలు.

ఒక అక్కకు షుగరు జబ్బు ఉంది. "ఎంత చక్కెర వాడతావమ్మా?" అని నర్సమ్మ అడిగింది. "కప్పుకు రెండే చెంచాలండీ. రోజుకు నాలుగు టీలు" అంది అక్క. అంటే 8 చెంచాలు. కానీ ఆ అక్క చక్కెర తీసేది చదునుగా కాదు, గోపురంలా. గీసి చూస్తే, రెండు చెంచాల మీది గోపురాలు కలిపి ఇంకో చెంచా నిండింది! అంటే కప్పుకు 3, రోజుకు 12 చెంచాలు. 12 నాలుగులు 48 గ్రాములు. 48 నాలుగులు 192 కేలరీలు. నెలకు దాదాపు కిలోన్నర చక్కెర, ఒక్క మనిషికే.

రోజుకు 2000 కేలరీల తిండి తినేవారికి చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25కు తగ్గిస్తే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మిఠాయి, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల్లోని చక్కెర కూడా ఇందులోకే వస్తుంది. షుగరు ఉన్నవారికి హద్దు డాక్టరుగారే చెప్పాలి. బెల్లం టీ అయితే పరవాలేదంటారు కొందరు. అది ఒట్టి మాట. గ్రాముకు గ్రాము బెల్లం కూడా దాదాపు అంతే.

మన ఇళ్లలో చాలామంది చక్కెరను గిన్నెలోనే వేసి మరిగిస్తారు కదా. అప్పుడు గిన్నెలో వేసిన చెంచాలను కప్పుల సంఖ్యతో భాగించండి. 10 చెంచాలు వేసి 5 కప్పులు పోస్తే, కప్పుకు 2. షుగరు ఉన్నవారి టీని చక్కెర వేయకముందే వడగట్టి పక్కన పెట్టండి. లేకపోతే వారి లెక్క ఎప్పటికీ తేలదు.

లెక్క కట్టండి: రోజుకు 3 కాఫీలు. కప్పుకు చదునుగా 2 చెంచాలు. చక్కెర ఎన్ని గ్రాములు? ఎన్ని కేలరీలు?
(జవాబు: 24 గ్రాములు, 96 కేలరీలు. పాలవి వేరు.)