పోగులు కాదు, ముడులు లెక్కపెట్టాలి

పోయిన ఏడాది మన సొసైటీ సాయంకాల తరగతుల పిల్లలకు జీవశాస్త్రంలో ఒక క్విజ్ పెట్టాము. అందులో ఒక ప్రశ్న: "ఉల్లి వేరు కొనలో సమవిభజన చెందుతున్న కణంలో, చలన దశలో ఎన్ని క్రోమోజోములుంటాయి?" మా జవాబుల కాగితంలో 16 అని రాసుకున్నాము. ఇంటర్ చదివే ఒక అమ్మాయి 32 అని రాసింది. తప్పు కొట్టేశాము. ఆ ఒక్క మార్కుతో ఆమె రెండో బహుమతి పోయింది.

సాయంత్రం పేపరు పట్టుకుని వచ్చింది. "సార్, సెంట్రోమియర్ చీలిపోయింది కదా, కణం ఇంకా రెండుగా కాలేదు కదా, మరి 16 ఎలా అవుతాయి?" అని అడిగింది. మేము కూర్చుని లెక్క వేసుకున్నాము. ఆమెదే సరి. బహుమతి సరిచేశాము గాని, పాఠం చెప్పే మాకే ఈ లెక్క తప్పిందంటే పిల్లలను ఏమనగలం? నీట్‌లో ఇలాంటి ప్రశ్న సరిగ్గా రాస్తే 4 మార్కులు వస్తాయి, తప్పు రాస్తే ఉన్నవాటిలోంచి 1 పోతుంది. అందుకే ఆ లెక్కను ఇక్కడ మొదటి నుంచి చెబుతున్నాము. సైన్సు చదవని పెద్దలు కూడా ఇంట్లో పిల్లలతో కూర్చుని చూడవచ్చు.

ఉల్లి కణంలో 16 క్రోమోజోములుంటాయి. అవి 8 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి మొక్క నుంచి, ఒకటి తండ్రి మొక్క నుంచి వచ్చినవి. వీటినే సమజాత క్రోమోజోములంటారు. విభజనకు ముందే కణం ప్రతి క్రోమోజోముకు ఒక నకలు తయారు చేసుకుంటుంది. అసలు, నకలు రెండూ విడిపోకుండా ఒకచోట అతుక్కుని ఉంటాయి. రెండు దారప్పోగులను ఒక ముడితో కట్టినట్టు అనుకోండి. పోగు పేరు క్రోమాటిడ్, ముడి పేరు సెంట్రోమియర్. ఇక సూత్రం ఒక్కటే: క్రోమోజోములెన్ని అని అడిగితే ముడులు లెక్కపెట్టాలి, పోగులు కాదు. ఒక ముడికి రెండు పోగులున్నా అది ఒక్క క్రోమోజోమే. ముడి చీలితే ఏ పోగుకు ఆ పోగు సొంత ముడితో వేరే క్రోమోజోము అవుతుంది.

ముందు సమవిభజన చూద్దాం. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద పెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. ఆ వేరు కొనలో జరిగేది ఇదే. ప్రథమ దశలో క్రోమోజోములు పొట్టిగా, లావుగా మారి కనబడతాయి. ముడులు 16, పోగులు 32. మధ్యస్థ దశలో అవన్నీ కణం నడుమ ఒక్క వరుసలో నిలుస్తాయి. లెక్క మారదు. చలన దశలో ముడులు చీలి, పోగులు రెండు వైపులకూ లాగబడతాయి. ఇప్పుడు ముడులు 32. కణం ఒక్కటే కాబట్టి, ఆ కొద్దిసేపు దానిలో 32 క్రోమోజోములున్నట్టే. అంత్య దశ అయి కణం రెండుగా విడిపోతే ఒక్కోదానికి 16 వస్తాయి. మేము రాసుకున్న 16 ఆ చివరి కణానిది. ప్రశ్న అడిగింది చలన దశ గురించి.

ఇక క్షయకరణ విభజన. దీన్ని వేరులో వెతికితే దొరకదు. ఉల్లి పూమొగ్గలో, ఇంకా విచ్చుకోని కేసరాల్లో, పుప్పొడి తయారయ్యే కణాల్లో జరుగుతుంది. ఇక్కడ నకలు తీయడం ఒక్కసారే, విభజన మాత్రం రెండుసార్లు.

మొదటి విభజన ప్రథమ దశలోనే తేడా తెలుస్తుంది. సమవిభజనలో ఎవరి దారిన వారున్న సమజాత క్రోమోజోములు ఇక్కడ వెతుక్కుని పక్కపక్కన చేరతాయి. మైక్రోస్కోపులో 16 విడి ముక్కలు కాక 8 జంటలు కనబడతాయి. ఒక్కో జంటలో రెండు ముడులు, నాలుగు పోగులు. మధ్యస్థ దశలో ఈ 8 జంటలూ నడుమ నిలుస్తాయి. చలన దశలో ముడులు చీలవు. జంట విడిపోయి, ముడి విప్పకుండానే ఒకటి ఇటు, ఒకటి అటు పోతాయి. కాబట్టి ఆ కణంలో ఇంకా 16 క్రోమోజోములే, 32 కావు. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. "చలన దశ" అన్న మాట చూడగానే రెట్టింపు చేసేస్తారు. అది మొదటి చలన దశా, రెండోదా అని ముందు చూసుకోవాలి.

విడిపోయాక ఒక్కో కణానికి 8 ముడులు, 16 పోగులు. సంఖ్య సగమయ్యేది ఇక్కడే. రెండో విభజన అచ్చం సమవిభజనలాంటిదే: ముడులు చీలుతాయి, చివరికి నాలుగు కణాలు, ఒక్కోదానిలో 8 క్రోమోజోములు.

జంట కట్టినప్పుడు జరిగే ఇంకో పని వినిమయం, అంటే క్రాసింగ్ ఓవర్. జంటలోని తల్లి వైపు పోగు ఒకటి, తండ్రి వైపు పోగు ఒకటి ఒకే చోట తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కుంటాయి. ఒకే ముడికి ఉన్న రెండు పోగులు మార్చుకున్నా అవి నకళ్లే కాబట్టి కొత్తదనమేమీ రాదు. ఒక వినిమయంలో నాలుగు పోగుల్లో రెండే పాల్గొంటాయి, మిగిలిన రెండూ పాతవిగానే ఉంటాయి. ఇది గుర్తుంటే తర్వాతి ప్రశ్న సులువు.

"రెండు జన్యువుల మధ్య 100 పుప్పొడి మాతృకణాల్లో 40 కణాల్లో ఒక్కో వినిమయం జరిగింది. కొత్త కలయిక ఉన్న పుప్పొడి రేణువులు ఎంత శాతం?" చాలామంది 40 అంటారు. 100 కణాల నుంచి 400 రేణువులు వస్తాయి. వినిమయం జరిగిన 40 కణాలవి 160. ఒక్కో కణం ఇచ్చే నాలుగింటిలో రెండే కొత్తవి కాబట్టి, 80. మొత్తం 400లో 80 అంటే 20 శాతం.

వినిమయం చేసే ఇంకో మేలు పుస్తకాల్లో తక్కువగా కనబడుతుంది. ముక్కలు మార్చుకున్న చోట జంట మెలిక పడినట్టు ఉండిపోతుంది. ఆ మెలికను కయాస్మా అంటారు. లాగే సమయం దాకా జంటను పట్టి ఉంచేది అదే. అది లేకపోతే రెండూ ఒకే వైపు పోయే ప్రమాదం ఎక్కువ.

అలా తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో కూడా లెక్కే చెబుతుంది. మొదటి విభజనలో ఒక జంట విడిపోకపోతే, ఉల్లిలో చివరి నాలుగు కణాల్లో రెండింటిలో 9, రెండింటిలో 7 ఉంటాయి. ఒక్కటీ సరైనది ఉండదు. మొదటిది సవ్యంగా జరిగి, రెండో విభజనలో ఒక కణంలో మాత్రం ఒక ముడి చీలిన తర్వాత రెండు పోగులూ ఒకే వైపు పోతే, రెండు కణాలు సరిగ్గా 8తో, ఒకటి 9తో, ఒకటి 7తో వస్తాయి.

మనుషుల్లోనూ ఇదే. అండంలో 23 క్రోమోజోములుండాలి. 21వ జత విడిపోక 24 వస్తే బిడ్డకు 47 అవుతాయి. డౌన్ సిండ్రోమ్‌కు ఎక్కువగా కారణం ఇదే. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు ఈ మొదటి విభజన ప్రథమ దశ మొదలుపెట్టి, అక్కడే ఆగిపోతాయి. పెద్దయ్యాక అండం విడుదలయ్యే వేళకు మళ్లీ కదులుతాయి. అన్నేళ్లు మెలికలతో ఆగి ఉన్న జంట పట్టు సడలడం వల్లే తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ పొరపాటు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తల్లి తిండినో నడతనో తప్పుపట్టే ఇళ్లు మేము చూశాము. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఈ ఏడాది క్విజ్‌లో ఆ పాత ప్రశ్నను రెండుగా అడిగాము: చలన దశలో ఒక ధ్రువం వైపు కదులుతున్నవి ఎన్ని, కణం మొత్తంలో ఎన్ని? జవాబుల కాగితంలో 16, 32 అని రాసుకున్నాము. రాసింది మేమే గాని, అచ్చుకు ముందు సరిచూసి ఇచ్చింది ఆ అమ్మాయే.