ఒకే కంపెనీ, రెండు కాగితాలు: షేరు, బాండు

కంపెనీ షేరు కొన్న మనిషి ఆ కంపెనీలో భాగస్థుడు. అదే కంపెనీ బాండు కొన్న మనిషి దానికి అప్పిచ్చినవాడు. రెండూ డీమ్యాట్ ఖాతాలో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ఒకటి ఎక్కువ లాభం ఇచ్చేది, ఇంకొకటి తక్కువ లాభం ఇచ్చేది అన్నంత వరకే తేడా ఉన్నట్టు తోస్తుంది. అసలు తేడా హక్కులో ఉంది. పొలాన్ని మక్తాకు ఇచ్చిన ఆసామికి పంట పండినా ఎండినా ఒప్పుకున్న మొత్తం రావాలి. పాలుకు ఇచ్చిన ఆసామికి పండినదాంట్లోనే భాగం. మొదటివాడిది బాండు వరస, రెండోవాడిది షేరు వరస.

ఒక రైస్ మిల్లు కంపెనీని ఊహించుకుంటే ఇది లెక్కలో తేలుతుంది. రూ.100 చొప్పున లక్ష షేర్లు అమ్మి కోటి రూపాయలు, 9 శాతం వడ్డీకి ఐదేళ్ల బాండ్లు అమ్మి మరో 50 లక్షలు ఆ కంపెనీ సమకూర్చుకుంది. ధాన్యం, కరెంటు, జీతాలు, మరమ్మతులు అన్నీ పోను ఒక ఏడాది 18 లక్షలు మిగిలాయి. అందులోంచి ముందుగా బాండుదారుల వడ్డీ నాలుగున్నర లక్షలు కట్టాలి. పన్ను సంగతి పక్కన పెడితే మిగిలిన పదమూడున్నర లక్షలు షేర్లవారివి, అంటే షేరుకు రూ.13.50. మరుసటి ఏడాది గిరాకీ పెరిగి 27 లక్షలు మిగిలితే బాండుదారులకు అప్పుడూ నాలుగున్నర లక్షలే. షేరుకు మాత్రం రూ.22.50 పడుతుంది. మిల్లు సంపాదన సగం పెరిగితే షేరుదారుల వంతు మూడింట రెండు వంతులు పెరిగింది. ఆ తర్వాత గడ్డు ఏడాది వచ్చి 4 లక్షలే మిగిలాయనుకుంటే వడ్డీకే అర లక్ష తక్కువ పడుతుంది. అయినా వడ్డీ ఆపడానికి వీల్లేదు. ఎక్కడినుంచైనా తెచ్చి కట్టాల్సిందే, ఆ లోటు షేర్లవారి నెత్తినే పడుతుంది.

షేరుకు రూ.22.50 మిగిలిందంటే అంతా చేతికొస్తుందని అర్థం కాదు. దాంట్లో ఎంత డివిడెండుగా పంచాలో డైరెక్టర్ల బోర్డు తేలుస్తుంది. కొత్త యంత్రం కొనాలనుకుంటే ఏమీ పంచకపోవచ్చు, అది బాకీ ఎగ్గొట్టడం కిందికి రాదు. షేరుకు గడువు తేదీ కూడా ఉండదు. పెట్టిన డబ్బు వెనక్కి కావాలంటే సాధారణంగా మార్కెట్లో ఇంకొకరికి అమ్ముకోవాలి, ఆ రోజు ధర ఎంతుంటే అంత. బాండు మీద మాత్రం వడ్డీ ఎంత, ఏ తేదీన, అసలు ఎప్పుడు అన్నది ముందే రాసి ఉంటుంది. ఆ తేదీ దాటితే అది అప్పు ఎగవేత, దాని మీద చట్టప్రకారం అడిగే హక్కు పుడుతుంది.

కొత్తగా మదుపు చేసేవారిని ఎక్కువగా తికమకపెట్టేది బాండు ధర. వడ్డీ స్థిరం కాబట్టి ధర కూడా స్థిరమేనని అనుకుంటారు. ఏటా 8 శాతం వడ్డీ ఇచ్చే రూ.1,000 బాండు ఒకరి దగ్గర ఉంది, గడువు ఇంకా పదేళ్లుంది. ఈలోగా మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగి, అంతే భద్రత ఉన్న కొత్త బాండ్లు 9 శాతానికి దొరుకుతున్నాయి. ఇక ఆ పాత బాండుకు ఎవరూ వెయ్యి పెట్టరు. దాని ధర సుమారు రూ.936కు దిగుతుంది. గడువు మూడేళ్లే మిగిలి ఉంటే సుమారు రూ.975 దగ్గర నిలుస్తుంది. రేట్లు తగ్గితే ఇదే లెక్క తిరగబడి ధర పెరుగుతుంది. కంపెనీ మాట తప్పకపోతే గడువు దాకా ఉంచుకున్నవారికి ఈ ఎగుడుదిగుళ్లతో పనిలేదు, వెయ్యికి వెయ్యి వస్తుంది. మధ్యలో డబ్బు అవసరమై అమ్మేవారికే ఆ నష్టం. అందుకని రెండేళ్లలో చెల్లెలి పెళ్లికి కావలసిన డబ్బును పదేళ్ల బాండులో పెట్టడం, అది ప్రభుత్వ బాండే అయినా, పొరపాటు.

ఇక కంపెనీ కూలితే ఏమవుతుంది? దేశంలో దీన్ని కళ్లకు కట్టిన ఉదంతం ఇళ్ల రుణాల సంస్థ డీహెచ్ఎఫ్ఎల్. అది 2016లో ప్రజలకు డిబెంచర్లు అమ్మింది. డిబెంచరు అన్నది కంపెనీ బాండుకు మన దగ్గర వాడుకలో ఉన్న పేరే. అప్పట్లో వాటికి అత్యున్నతమైన ట్రిపుల్ ఏ రేటింగు ఉంది. 2018 సెప్టెంబర్ 21న ఒక్క రోజులోనే దాని షేరు 40 శాతానికి పైగా పడింది. 2019 జూన్‌లో బాండ్ల చెల్లింపులు తప్పాయి. నవంబర్‌లో రిజర్వు బ్యాంకు బోర్డును రద్దు చేసి, సంస్థను దివాలా చట్టం కిందికి పంపింది. 2021లో పిరమల్ సంస్థ దాన్ని కొనుక్కుంది. సుమారు రూ.87,000 కోట్ల బకాయిలకు అప్పిచ్చినవారికి అందిన మొత్తం సుమారు రూ.38,000 కోట్లు. అందులోనూ కొంత నగదు, కొంత 6.75 శాతం వడ్డీతో పదేళ్ల కొత్త డిబెంచర్లు. షేర్లవారికి ఏమీ రాలేదు. వారి షేర్ల విలువను సున్నాగా లెక్కకట్టి ఎక్స్‌చేంజీల నుంచి తీసేశారు.

కంపెనీని కొనేవారు దొరికారు కదా, షేరు కూడా బతుకుతుందని ఆశపడటం సహజం. కానీ దివాలాలో డబ్బు పంచడానికి చట్టం ఒక వరస పెట్టింది. ఖర్చులు, తనఖా ఉన్న అప్పులు, కార్మికుల బకాయిలు ముందు వస్తాయి. తనఖా లేని అప్పులు వాటి తర్వాత. షేర్లవారు అందరికంటే చివర. పైవారి బాకీలే తీరనప్పుడు చివరిదాకా వచ్చేది ఏమీ ఉండదు. షేర్లవారికి ఒక్క ఊరట ఉంది: పూర్తిగా చెల్లించి కొన్న షేరు మీద, పెట్టిన డబ్బు మించి కంపెనీ అప్పులకు ఇంట్లోంచి తెచ్చి కట్టనక్కర్లేదు.

ఇదే ఉదంతంలో బాండు కొనేవారు గమనించాల్సిందీ ఉంది. రేటింగు ఇచ్చిన రోజుకున్న అభిప్రాయమే తప్ప హామీ కాదు. అది మూడేళ్లలో మారిపోయింది. అంతకంటే ముందు చెప్పుకోదగ్గ సూచన వడ్డీలోనే ఉంటుంది. అదే కాలానికి కేంద్ర ప్రభుత్వ బాండు 7 శాతం ఇస్తుంటే ఒక కంపెనీ 11 శాతం ఇస్తానందంటే, ఆ నాలుగు శాతం దయతో ఇస్తున్నది కాదు. డబ్బు తిరిగిరాని ప్రమాదానికి కట్టిన ధర అది.

కాబట్టి బాండు ఆఫర్ పత్రం చేతికొచ్చినప్పుడు వడ్డీ శాతం కంటే ముందు మూడు చోట్ల చూడాలి. అప్పుకు తనఖా ఉందా, గడువుకు ముందే కంపెనీ తనంతట తాను తీర్చేసే హక్కు ఉంచుకుందా, ఆ కంపెనీ పాత బాండ్లు ఎక్స్‌చేంజీలో రోజూ చేతులు మారుతున్నాయా? మూడోది చాలామంది వదిలేస్తారు. పెద్ద కంపెనీ షేరుకు కొనేవాడు క్షణంలో దొరుకుతాడు. కంపెనీ బాండ్లలో చాలావాటికి లిస్టింగ్ ఉన్నా కొనేవాడు రోజుల తరబడి కనిపించడు, కనిపించినా తగ్గించి అడుగుతాడు. కేంద్ర ప్రభుత్వ బాండు కావాలనుకునేవారికి రిజర్వు బ్యాంకు 2021 నవంబర్‌లో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్ ఖాతా ఉంది. దానికి రుసుము లేదు, కనీసం రూ.10,000తో కొనవచ్చు.