జ్వరం తగ్గినా నాడి వేగం తగ్గలేదు

ప్రశ్న: గాజువాకలో ఉంటాను, వయసు 34. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు పని. వైరల్ జ్వరం తగ్గి మూడు వారాలైంది. పడుకుంటే నాడి 78, లేచి నిలబడితే 112. గుండెజబ్బేమో అని భయంగా ఉంది డాక్టరుగారూ.

జవాబు: పడుకున్నప్పుడు 78 ఉండడం నాకు ధైర్యాన్నిస్తోంది. జ్వరంలో ఒంట్లో నీరు తగ్గుతుంది, మంచం మీదే ఉండడంతో కండరాలు నీరసిస్తాయి. అందుకే నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది, దాన్ని పైకి పంపడానికి గుండె వేగం పెంచుతుంది. చాలామందిలో ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది.

పది నిమిషాలు పడుకుని నాడి చూసుకోండి. తర్వాత నిలబడి రెండో, ఐదో, పదో నిమిషాల్లో రాసుకోండి. 30కి మించిన పెరుగుదల, కళ్లు తిరగడం మూడు నెలలు దాటినా ఉంటే 'పాట్స్' అనే సమస్యేమో పరీక్షించాలి. అంతవరకూ ఆగకుండా ఈ వారమే ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తుంది. ఈసీజీ చూపించేదాకా కొలిమి వేడిలో బరువు పనులు వద్దు. వైరస్ గుండె కండరానికి సోకి ఉంటే శ్రమ ప్రమాదం.

ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, పడుకుంటే ఆయాసం, కాళ్లవాపు, తాళం తప్పిన నాడి, విశ్రాంతిలోనూ 120 దాటడం: వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే, కేజీహెచ్‌కో దగ్గర్లోని ఎమర్జెన్సీకో వెళ్లండి.